గొట్టం మోయగల వేడి

2008 జులై 13, అఫ్గానిస్థాన్ ఈశాన్య కొండల్లోని వనట్ గ్రామం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఊరి పక్కన అమెరికా సైనికులు కొత్తగా వేసుకుంటున్న చిన్న శిబిరం మీద ఒక్కసారిగా కాల్పులు మొదలయ్యాయి. లోపల ఉన్నది యాభై మందికి కాస్త తక్కువగా అమెరికన్లు, వాళ్లతో పాటు 24 మంది అఫ్గాన్ సైనికులు. దాడికి వచ్చినవాళ్లు ముందుగా పెద్ద ఆయుధాల మీద పడ్డారు. క్షిపణి ప్రయోగించే వాహనం మొదట్లోనే తగలబడింది. మోర్టారు దగ్గర నిలబడే వీలు లేకుండా పోయింది. ఇక మిగిలింది చేతుల్లోని తుపాకులే. ఆ పోరు ముగిసేసరికి తొమ్మిది మంది అమెరికా సైనికులు చనిపోయారు, 27 మంది గాయపడ్డారు.

బతికి బయటపడ్డవాళ్లలో ఒకరు తర్వాత చెప్పిన సంగతి ఆయుధాల గురించి చాలాకాలం నడిచిన చర్చకు మూలమైంది. పోరు మొదలైన అరగంటకే తన ఎం4 కార్బైన్‌తో దాదాపు 12 మ్యాగజైన్లు కాల్చేశాడట. అప్పటికి తుపాకి ఎంత వేడెక్కిందంటే, ఇంకో తూటా ఎక్కిద్దామన్నా వీలుపడలేదు. కోపమొచ్చి దాన్ని పక్కన పడేశాడు. అదే కొండ మీద, కాస్త ఎత్తున ఉన్న కాపలా స్థావరంలో మరో సైనికుడి చేతిలో బెల్టుతో నడిచే ఎం249 మెషిన్ గన్ ఉంది. ఆయన దాదాపు 600 తూటాలు ఆపకుండా కాల్చాడని, ఆ వేడికి అదీ పట్టేసిందని పక్కనున్న సైనికుడు చెప్పాడు.

మ్యాగజైన్ తుపాకీ, బెల్టు తుపాకీ రెండూ ఒకే పోరులో వేడికే లొంగిపోయాయి. అలాంటప్పుడు రెంటికీ తేడా ఏమిటి? బెల్టు తుపాకిని ఎంతసేపు కావాలంటే అంతసేపు కాల్చవచ్చన్నది సినిమాలు నేర్పిన మాట. అసలు కథ గొట్టం దగ్గర ఉంది.

ముందుగా, ఒక తూటా పేలినప్పుడు గొట్టంలో ఏం జరుగుతుందో చూద్దాం. ఎం4 వాడే 5.56 మిల్లీమీటర్ల తూటాలో మందు రెండు గ్రాములు కూడా ఉండదు. అది అంటుకుంటే 2,500 డిగ్రీల ప్రాంతంలో వేడి ఉన్న వాయువు పుడుతుంది. గుండు గొట్టం దాటడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. ఆ కాస్త సమయంలోనే వాయువు గొట్టం లోపలి గోడను కాలుస్తుంది. మందులోంచి వచ్చే శక్తి ఆరు నుంచి ఏడు వేల జౌళ్లు. అందులో పావు వంతు గుండుతో వెళ్తుంది. ఎక్కువ భాగం గొట్టం మూతి దగ్గర మంటగా, చప్పుడుగా, వేడి గాలిగా పోతుంది. సుమారు పదో వంతు, అంటే 600 నుంచి 700 జౌళ్లు, గొట్టంలోనే ఉండిపోతాయి.

ఇది చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ ఎం4 గొట్టం కూడా చిన్నదే. పొడవు 37 సెంటీమీటర్లలోపు, బరువు ముప్పావు కిలో ప్రాంతం. సైనికుడు రోజంతా మోసుకు తిరగాలి కాబట్టి ముందు చేయి పట్టుకునే చోట దాన్ని మరీ సన్నగా చెక్కుతారు. ఉక్కు వేడెక్కే లెక్క ప్రకారం, అంత గొట్టం ఒక్కో తూటాకు సగటున రెండు డిగ్రీలకు కొంచెం తక్కువ పెరుగుతుంది. 30 తూటాల మ్యాగజైన్ ఒకటి ఖాళీ చేస్తే 50 డిగ్రీలు. ఐదు మ్యాగజైన్లు వెంటవెంటనే కాలిస్తే 250 డిగ్రీల పైమాట. ఇది కాగితం మీద వేసిన రమారమి లెక్కే. గొట్టమంతా ఒకే తీరుగా వేడెక్కదు, లోపలి గోడ బయటి గోడకన్నా ముందు కాలుతుంది. అయినా అమెరికా సైన్యం చేతిపుస్తకం చెప్పే హద్దుకు ఈ లెక్క దగ్గరగానే వస్తుంది. వేగంగా, ఆపకుండా 140 తూటాలు కాల్చిన తుపాకిని ప్రమాదకరంగా వేడెక్కినట్టే లెక్కగట్టాలని అందులో ఉంది.

ఇంకోవైపు, ఈ వేడి ఎంత వేగంగా బయటకు పోతుందో కూడా చూడాలి. 250 డిగ్రీల దగ్గర ఉన్న అంత సన్నటి గొట్టం తన చుట్టూ ఉన్న గాలికి వదలగలిగేది సెకనుకు 120, 130 జౌళ్లు. నిమిషానికి 12 తూటాలు కాలిస్తే గొట్టంలోకి చేరే వేడి కూడా సుమారుగా అంతే. అంటే ఆ వేగంతో కాల్చినంతసేపు రాకడా పోకడా సరిపోతాయి, గొట్టం ఒక వేడి దగ్గర ఆగుతుంది. ఎం4ను ఎంతసేపైనా కాల్చగల వేగం నిమిషానికి 12 నుంచి 15 తూటాలని చేతిపుస్తకం ఎందుకు చెబుతుందో ఇక్కడ అర్థమవుతుంది. ఆ తుపాకి యంత్రాంగానికి నిమిషానికి 700కు పైగా కాల్చే వేగం ఉంది. గొట్టం ఓర్చుకునేది అందులో యాభయ్యో వంతు కూడా కాదు.

ఇప్పుడు వనట్ సైనికుడి 12 మ్యాగజైన్ల దగ్గరికి వద్దాం. 12 ముప్పైలు 360. అరగంటకు పంచితే నిమిషానికి 12 తూటాలు. సగటు చూస్తే ఆయన పుస్తకం గీసిన గీత దాటలేదు! అయినా తుపాకి పనిచేయలేదు. ఎందుకంటే యుద్ధంలో తూటాలు సగటు ప్రకారం ఖర్చు కావు. శత్రువు దగ్గరికి వచ్చిన నాలుగైదు నిమిషాల్లో మ్యాగజైన్ వెంట మ్యాగజైన్ పోతుంది, తర్వాత కాసేపు నెమ్మదిస్తుంది. సగటు ఎంత బుద్ధిగా కనిపించినా, గొట్టం వేడి ఆ తొలి నిమిషాల్లోనే హద్దు దాటేస్తుంది. పైగా మామూలుగా ఒక సైనికుడి వెంట ఉండేవి ఏడు మ్యాగజైన్లు, 210 తూటాలు. తుపాకినీ, దాని గొట్టాన్నీ ఆ ఏడు మ్యాగజైన్ల మనిషిని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. పెద్ద ఆయుధాలు పోయాక రైఫిళ్లు తమవి కాని పనిని నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది. ఆ పోరులో ఆయుధాలు నాసిరకమైనవన్న విమర్శ గట్టిగానే వచ్చింది. నా మట్టుకు నాకు ఆయుధం నాణ్యత కంటే ఈ పని తారుమారు కావడమే పెద్ద కారణంగా కనిపిస్తుంది.

వేడెక్కిన రైఫిల్‌తో వచ్చే అసలు ప్రమాదం ట్రిగ్గర్ వదిలాక మొదలవుతుంది. రైఫిల్‌లో ఒక తూటా పేలగానే ఖాళీ ఇత్తడి తొడుగు బయటకు పోతుంది, మ్యాగజైన్ స్ప్రింగు పైకి నెట్టిన కొత్త తూటాను బోల్టు గొట్టం వెనక ఉన్న గదిలోకి తోసి మూసేస్తుంది. సైనికుడు కాల్పులు ఆపినా, నిండు తూటా ఒకటి ఆ వేడి గదిలో కూర్చునే ఉంటుంది. గది గోడలు 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే ఆ వేడి ఇత్తడి గుండా మందులోకి దిగుతుంది. కొన్ని సెకన్లకో, కొన్ని నిమిషాలకో ట్రిగ్గర్ నొక్కకుండానే తూటా తనంతట తాను పేలుతుంది. అప్పుడు తుపాకి మూతి ఎటు ఉంటే గుండు అటు పోతుంది. అందుకే బాగా వేడెక్కిన తుపాకిలో తూటా ఇరుక్కుని పది సెకన్లలోపు బయటికి రాకపోతే, దాన్ని కెలకవద్దని నియమం. మ్యాగజైన్ తీసేసి, మూతిని మనుషులు లేని వైపు పెట్టి, పదిహేను నిమిషాలు ఆగమంటారు. తొందరపడి బోల్టు లాగితే, సగం బయటికి వచ్చిన తూటా మొహం దగ్గరే పేలవచ్చు.

ఆ ప్రమాదాన్ని దాటి ఇంకా కాలుస్తూ పోతే? 1996లో అమెరికా సైన్యం ఎం4ఏ1, ఎం16ఏ2 గొట్టాలను పగిలేదాకా కాల్చి చూసింది. ఆపకుండా కాలిస్తే అవి ఐదారు వందల తూటాల లోపలే పగిలాయి. 700 డిగ్రీలు చేరేసరికి ఉక్కు తన బలంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది. లోపల వాయువు ఒత్తిడి మాత్రం మొదటి తూటాకు ఎంతో, చివరి తూటాకూ అంతే. మెత్తబడ్డ గోడ ఉబ్బి చీలిపోతుంది.

ఇక్కడ మ్యాగజైన్ తెలియకుండానే గొట్టానికి ఒక మేలు చేస్తుంది. 30 తూటాలకోసారి చేయి ఆగాలి, ఖాళీది తీయాలి, సంచిలోంచి కొత్తది లాగి పెట్టాలి. ఆ కొద్ది సెకన్లలో గొట్టం పెద్దగా చల్లబడదు గానీ, తూటాల వరద మాత్రం తగ్గుతుంది. రెండో మేలు, సంచి ఖాళీ అవుతుంది. బెల్టు ఈ రెండు అడ్డంకుల్నీ తీసేస్తుంది. లోహపు కొక్కేలతో ఒకదానికొకటి తగిలించిన వంద, రెండు వందల తూటాల వరుసను తుపాకి తన బలంతోనే లోపలికి లాక్కుంటుంది. ఒక బెల్టు అయిపోవస్తుంటే దాని తోకకు ఇంకో బెల్టు తగిలించవచ్చు. ఆగడానికి వంక ఉండదు. కాబట్టి తుపాకిలో మిగతావన్నీ మారాల్సిందే. ఆ మార్పులన్నీ చూడాలంటే బెల్జియం వాళ్లు తయారుచేసిన ఎఫ్ఎన్ మాగ్‌ను మించిన ఉదాహరణ లేదు. మన సైన్యంలో ఎంఎంజీ అంటే ఎక్కువగా ఇదే, కాన్పూర్ కర్మాగారంలో తయారవుతుంది. అమెరికాలో దీన్నే ఎం240 అంటారు.

మాగ్ గొట్టం బరువు మూడు కిలోల ప్రాంతం. ఒక్క గొట్టమే దాదాపు నిండు ఎం4 అంత బరువు. అది కాల్చే 7.62 తూటాలో మందు దాదాపు రెట్టింపు ఉంటుంది కాబట్టి, నాలుగింతల ఉక్కు వల్ల వచ్చే లాభంలో సగం అక్కడే పోతుంది. మొత్తం మీద ఒక్కో తూటాకు పెరిగే వేడి ఎం4లో సగం ఉంటుంది, ఒక డిగ్రీకి కాస్త తక్కువ. సగమే కదా, రెట్టింపు వేగంతో కాలిస్తే సరిపోదా అనిపిస్తుంది. కానీ మాగ్‌ను నిలకడగా కాల్చే వేగం నిమిషానికి వంద తూటాలు, ఎం4కు ఏడెనిమిది రెట్లు. ఆ వేగంతో గొట్టంలోకి సెకనుకు రెండు వేల జౌళ్లు చేరతాయి. లావుపాటి గొట్టం కూడా గాలికి వదలగలిగేది అందులో సగానికి లోపే. ఒక బకెట్‌లోంచి చెంబుతో తోడుతూ ఉంటే, కుళాయి అంతకు రెట్టింపు ధారగా పోస్తున్నట్టన్నమాట. ఎంత పెద్ద బకెట్ అయినా కాసేపటికి పొంగాల్సిందే. పెద్ద గొట్టం ఆ సమయాన్ని వాయిదా వేస్తుందంతే. దీనికి మెషిన్ గన్ వేసే మందు, బకెట్‌నే మార్చేయడం.

నిమిషానికి వంద చొప్పున కాలిస్తే పది నిమిషాలకు ఒకసారి గొట్టం మార్చాలి. రెండు వందల చొప్పున అయితే రెండు నిమిషాలకు ఒకసారి. ట్రిగ్గర్ వదలకుండా పూర్తి వేగంతో కాలిస్తే నిమిషానికే. ఈ అంకెలు అమెరికా సైన్యం శిక్షణ పుస్తకంలోవి. మార్చే పద్ధతి కూడా ఇంతే క్రమంగా ఉంటుంది. ముందు బోల్టును వెనక్కి లాగి ఆపుతారు, సేఫ్టీ పెడతారు. గొట్టానికి ఉన్న పిడిని పట్టుకుని, కొక్కెం నొక్కి, పిడిని తిప్పి గొట్టాన్ని ముందుకు లాగేస్తారు. పక్కన పడుకుని ఉన్న రెండో మనిషి చల్లటి గొట్టం అందిస్తాడు. దాన్ని వెనక్కి దింపి, పిడి తిప్పుతుంటే క్లిక్ క్లిక్‌మని శబ్దం వస్తుంది. ఆ క్లిక్కుల్ని లెక్కపెట్టాలి. రెండు నుంచి ఏడు లోపల ఉంటే గొట్టం సరిగా కూర్చున్నట్టు, లేకపోతే కాల్చకూడదు. అలవాటైన చేతులకు ఇదంతా కొన్ని సెకన్ల పని. ఇప్పుడే దిగిన గొట్టం పొగలు కక్కుతూ పక్కన చల్లారుతుంటుంది, తన వంతు వచ్చేసరికి మళ్లీ పనికొస్తుంది.

ఆ పిడి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దాని విలువ వియత్నాం యుద్ధంలో ఎం60 వాడినవాళ్లకు బాగా తెలుసు. ఎం60లో గొట్టానికి పిడి లేదు, పైగా తుపాకిని నిలబెట్టే రెండు కాళ్లూ గొట్టానికే అతికి ఉన్నాయి. గొట్టం తీస్తే కాళ్లు దాంతో పోతాయి, తుపాకిని ఇంకొకరు ఎత్తి పట్టుకోవాలి. కాలిపోతున్న గొట్టాన్ని తీయడానికి ఆస్బెస్టాస్ చేతి తొడుగు తప్పనిసరి. ఆ తొడుగు అడవిలో ఎక్కడో జారిపోతే ఇక గొట్టం మార్చడమే కుదరదు.

మాగ్‌లో ఇంకో మార్పు పైకి కనిపించదు. ట్రిగ్గర్ వదలగానే బోల్టు వెనకే ఆగిపోతుంది. తూటా గదిలోకి పోదు, బెల్టులోనే ఉండిపోతుంది. గది ఖాళీగా, రెండు వైపులా తెరుచుకుని ఉండడంతో లోపలి నుంచి గాలి ఆడుతుంది. వేడెక్కిన గదిలో తూటా కూర్చుని తనంతట తాను పేలే ప్రమాదం మామూలు పరిస్థితుల్లో తప్పిపోతుంది. మరి రైఫిల్‌లో ఇదే పద్ధతి ఎందుకు పెట్టరు? ట్రిగ్గర్ నొక్కగానే బరువైన బోల్టు ముందుకు దూసుకొచ్చి ఢీకొంటేగాని తూటా పేలదు. ఆ కుదుపుకు గురి చెదురుతుంది. ఒక్క తూటాతో ఒక్క మనిషిని కొట్టాల్సిన రైఫిల్‌కు అది కుదరదు. నేల మీద ఆనించి, ఆరు నుంచి తొమ్మిది తూటాల చొప్పున విడతలుగా కాల్చే మెషిన్ గన్‌కు అదేమీ పెద్ద నష్టం కాదు.

వేడిని దాటడానికి అంతకుముందు తరం ఇంకో దారి వెతికింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వికర్స్ గన్ గొట్టం చుట్టూ నాలుగు లీటర్ల నీళ్లు పట్టే తొడుగు ఉండేది. మూడు నిమిషాల కాల్పులకే నీళ్లు మరిగేవి. అప్పటి నుంచి వేడంతా ఆవిరి రూపంలో పోతుంది కాబట్టి, నీళ్లు పోస్తున్నంతసేపూ గొట్టం బయటి గోడ వంద డిగ్రీలు పెద్దగా దాటదు. అలా గంటకు పదివేల తూటాలు కాల్చి, అప్పుడు గొట్టం మార్చేవారు. నిలకడ విషయంలో దానికి సాటి వచ్చిన తుపాకి తర్వాత రాలేదనే చెప్పాలి. అయితే తుపాకి, ముక్కాలి పీట, నీళ్ల డబ్బా, తూటా పెట్టెలు మోయడానికి ఒక జట్టే కావాల్సి వచ్చేది. సైన్యాలు నీటిని వదిలేసి, మార్చే గొట్టాన్ని పట్టుకోవడానికి కారణం అదే.

మార్చే గొట్టం బెల్టు తుపాకులకే సొంతం కాదు. మన సైన్యం దశాబ్దాల పాటు వాడిన బ్రెన్ గన్‌కు పైన 30 తూటాల వంకర మ్యాగజైన్ ఉండేది, గొట్టం మాత్రం ఇట్టే ఊడి వచ్చేది. వేగంగా పది మ్యాగజైన్లు కాల్చాక గొట్టం మార్చాలని దాని శిక్షణ. అంటే తూటాలు అందించే తీరు ఒకటి, వేడిని భరించే ఏర్పాటు ఇంకొకటి. రెండూ కలిసినప్పుడే పూర్తి మెషిన్ గన్ అవుతుంది. వనట్‌లో పట్టేసిన ఎం249లో రెండూ ఉన్నాయి. కానీ పూర్తి వేగంతో కాలుస్తుంటే దానికి కూడా నిమిషానికి ఒకసారి గొట్టం మార్చాలి. 600 తూటాలంటే నిమిషంలోపు అయిపోతాయి. శత్రువు చేతిబాంబు విసిరేంత దగ్గరికి వచ్చినప్పుడు ఆ మార్పిడికి వ్యవధి ఎక్కడిది? బెల్టు తుపాకి బలం దాని పక్కనుండే రెండో మనిషితో, కొన్ని సెకన్ల తీరికతో ముడిపడి ఉంటుంది. అవి లేనప్పుడు దాని గొట్టమూ మామూలు ఉక్కే.

గొట్టం హద్దు దాటుతోందని కాల్చేవాడికి ఎలా తెలుస్తుంది? మొదట నూనె కాలి పొగ వస్తుంది. గురి చూసే గీత మీదుగా వేడి గాలి లేచి, ఎండాకాలం తారురోడ్డు మీద కనిపించినట్టు దూరం అలలుగా కదులుతుంది. తర్వాత గుండ్లు చెదరడం మొదలవుతుంది. లోపలి గాడులు అరిగిపోతే గుండుకు తిరుగుడు అందదు, అది గాల్లో పల్టీలు కొడుతూ పోయి గురి పలకలో గుండ్రటి రంధ్రానికి బదులు అడ్డంగా తాళం కంత లాంటి చీలిక చేస్తుంది. శిక్షణ మైదానంలో అలాంటి చీలిక కనిపిస్తే ఆ గొట్టం పని అయిపోయినట్టే. చీకట్లో ఎర్రగా మెరుస్తోందంటే 500 డిగ్రీలు దాటిందని అర్థం. అలా ఒకసారి ఎర్రబడ్డ గొట్టం చల్లారాక పైకి బాగానే కనిపిస్తుంది, లోపల గదికి ముందుండే భాగం మాత్రం తినేసి ఉంటుంది.

వనట్ తర్వాతి ఏళ్లలో అమెరికా సైన్యం తన ఎం4లను మందమైన గొట్టం ఉండే ఎం4ఏ1గా మార్చుకుంటూ వచ్చింది. హద్దు కాస్త పెరిగింది, పోలేదు. మన దగ్గర మార్పు ఇంకో చోట జరిగింది. ఇన్సాస్ కుటుంబంలోని ఎల్ఎంజీ నిజానికి రైఫిల్‌కే బరువైన గొట్టం, 30 తూటాల మ్యాగజైన్ తగిలించిన రూపం. దాని స్థానంలోకి ఇజ్రాయెల్ నెగెవ్ మెషిన్ గన్లు 16,479 కొనడానికి రక్షణ శాఖ 2020 మార్చిలో రూ. 880 కోట్ల ఒప్పందం చేసుకుంది. అవి 7.62 తూటాలను బెల్టుతో కాలుస్తాయి, గొట్టం మార్చుకోవచ్చు.

అయితే ఈ సౌకర్యాన్ని ఎవరో ఒకరు వీపు మీద మోయాలి. వంద తూటాల 7.62 బెల్టు మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. నిమిషానికి వంద చొప్పున పది నిమిషాలు కాల్చాలంటే ముప్పై కిలోల తూటాలు కావాలి. దానికి తోడు ఇంకో గొట్టం. ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు కాబట్టి కొండెక్కే దళంలో మెషిన్ గన్ ఒకరి భుజం మీద, గొట్టం రెండో మనిషి దగ్గర, బెల్టులు తలా ఒకటి చొప్పున మిగతా రైఫిల్‌వాళ్ల సంచుల్లో వెళ్తాయి.